37.5 అని చూపించింది, పెట్టెలో మాత్రం 39.5 ఉంది: థర్మిస్టర్ లెక్క ఎక్కడ తప్పుతుంది

మా పిన్ని కొడుకు నాటుకోడి గుడ్లు పొదిగించడానికి థర్మకోల్ పెట్టెతో ఇంక్యుబేటర్ చేసుకున్నాడు. లోపల రెండు బల్బులు, ఒక చిన్న ఫ్యాను, ఆర్డుయినో ఊనో బోర్డు, రిలే, ఒక థర్మిస్టర్. కోడు నెట్‌లో దొరికిందే. పెట్టె బయట స్క్రీన్ మీద 37.5 డిగ్రీలు చక్కగా నిలబడుతోంది. ఫ్యాను ఉన్న పెట్టెలో కోడిగుడ్లకి కావాల్సింది కూడా అదే. మొదటి విడత గుడ్లలో ఒక్కటీ పిల్ల కాలేదు. "అన్నయ్యా, వేడి ఒక్క డిగ్రీ కూడా తేడా రాలేదు, గుడ్లే మంచివి కావేమో" అన్నాడు ఫోన్లో. చిన్న సీసాలో నీళ్లు పోసి పెట్టెలో పెట్టించి, రెండు గంటలాగి ఆ నీళ్లలో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ముంచమన్నాను. అది 39.5 చూపించింది.

రెండు డిగ్రీల తేడా. సెన్సార్ పాడవలేదు, వైరింగ్ సరిగ్గానే ఉంది, సూత్రం కూడా సరైనదే. మరి తప్పు ఎక్కడుంది? అది అర్థం కావాలంటే థర్మిస్టర్ దగ్గర మొదలయ్యే వేడి స్క్రీన్ మీద అంకెగా మారేదాకా ఏమేం జరుగుతుందో ఒక్కో మెట్టూ చూడాలి.

థర్మిస్టర్ వేడిని చెప్పదు, ఓమ్‌లు మాత్రమే మారుస్తుంది

థర్మిస్టర్ అంటే వేడికి తన రెసిస్టెన్స్‌ని బాగా మార్చుకునే ఒక రెసిస్టర్. మనం ఎక్కువగా వాడే ఎన్‌టీసీ రకంలో వేడి పెరిగితే రెసిస్టెన్స్ తగ్గుతుంది. "10కే థర్మిస్టర్" అని అంగడిలో అడిగితే ఇచ్చేది 25 డిగ్రీల దగ్గర 10,000 ఓమ్‌లు ఉండేది. ఆ 10కే అన్నది ఆ ఒక్క ఉష్ణోగ్రతకే చెల్లే మాట అని గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ తగ్గుదల సరళరేఖలో ఉండదు. బీటా 3950 అని అమ్మే రకాన్ని తీసుకుంటే సున్నా డిగ్రీల దగ్గర లెక్క ప్రకారం 33.6 కిలో ఓమ్‌లు, 25 దగ్గర 10, 50 దగ్గర 3.6. మొదటి 25 డిగ్రీల్లో 23.6 కిలో ఓమ్‌లు పోయాయి, తర్వాతి 25 డిగ్రీల్లో 6.4 మాత్రమే. అయితే శాతంలో చూస్తే వింతేమీ లేదు, ప్రతి డిగ్రీకి ఇంచుమించు నాలుగైదు శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. ఇలా శాతం చొప్పున మారే వాటిని తిరిగి లెక్కించడానికి లాగరిథమ్ కావాలి. సూత్రంలో లాగ్ చూసి భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు, అది వచ్చింది ఇందుకే.

బోర్డుకి ఓమ్‌లు తెలియవు, వోల్టేజే తెలుసు

ఊనో బోర్డులోని ఏడీసీ, అంటే వోల్టేజీని అంకెగా మార్చే భాగం, 0 నుంచి 5 వోల్టుల మధ్య ఉన్నదాన్ని 0 నుంచి 1023 మధ్య అంకెగా ఇస్తుంది. రెసిస్టెన్స్‌ని కొలవడం దానికి రాదు. అందుకే ఓమ్‌లని వోల్టేజీగా మార్చే చిన్న ఏర్పాటు కావాలి, అదే వోల్టేజ్ డివైడర్. 5 వోల్టుల పిన్ నుంచి ఒక మామూలు 10కే రెసిస్టర్, దాని చివర థర్మిస్టర్, థర్మిస్టర్ రెండో కాలు గ్రౌండ్‌కి. రెండూ కలిసిన చోటి నుంచి ఒక వైరు A0 పిన్‌కి. 5 వోల్టుల్ని ఆ రెండూ తమ ఓమ్‌ల నిష్పత్తిలో పంచుకుంటాయి. థర్మిస్టర్ వాటా A0 దగ్గర కనిపిస్తుంది.

దాన్ని తిప్పి రాస్తే:

`R = RS * adc / (1023 - adc)`

RS అంటే మామూలు రెసిస్టర్ విలువ. ఈ సూత్రంలో 5 వోల్టులు ఎక్కడా లేవు, గమనించారా? ఏడీసీ కొలతకి ఆధారం ఆ 5 వోల్టులే, డివైడర్‌కి ఇచ్చిందీ ఆ 5 వోల్టులే, కాబట్టి అవి రెండు పక్కలా కొట్టుకుపోతాయి. యూఎస్‌బీ నుంచి నిజంగా వచ్చేది 4.7 వోల్టులే అయినా లెక్క మారదు. కొందరు కోడులో ముందు `adc * 5.0 / 1023` అని వోల్టేజీ తీసి, దాని నుంచి ఓమ్‌లు తీస్తారు. రెండు చోట్లా అదే 5.0 వాడినంతవరకు తప్పు కాదు, కానీ అనవసరమైన మెట్టు. డివైడర్‌ని 3.3 వోల్టుల పిన్‌కి తగిలించి ఏడీసీ ఆధారాన్ని 5 దగ్గరే వదిలేస్తే మాత్రం ఈ కొట్టుకుపోవడం ఆగిపోతుంది, అంకెలు దారి తప్పుతాయి.

థర్మిస్టర్ పైన, రెసిస్టర్ కింద పెట్టినా పనిచేస్తుంది, సూత్రం తిరగేయాలి అంతే. తిరగేయకపోతే ఏమవుతుందో తెలుసుకోవడం తేలిక: వేళ్లతో థర్మిస్టర్‌ని పట్టుకుంటే స్క్రీన్ మీద వేడి తగ్గుతుంది. 37.5 డిగ్రీల దగ్గర ఉన్నది 13.5 అని చూపిస్తుంది. ఈ తప్పు గట్టిగా అరుస్తుంది కాబట్టి పెద్దగా హాని చేయదు.

బీటా సూత్రం, ఒక రీడింగ్‌తో

ఓమ్‌లు తెలిశాక మిగిలింది ఇది:

`1/T = 1/T0 + ln(R/R0) / B`

R0 అంటే మనకి తెలిసిన ఒక ఉష్ణోగ్రత T0 దగ్గర థర్మిస్టర్ రెసిస్టెన్స్. B అంటే బీటా, రెసిస్టెన్స్ ఎంత నిటారుగా పడిపోతుందో చెప్పే అంకె. ఉష్ణోగ్రతలు కెల్విన్‌లో ఉండాలి, అంటే సెల్సియస్‌కి 273.15 కలపాలి. ln అంటే నేచురల్ లాగ్. ఆర్డుయినోలో `log()` అని రాసేది అదే, కాలిక్యులేటర్‌లో మాత్రం ln బటన్ నొక్కాలి, log నొక్కితే పది ఆధారంగా వస్తుంది.

A0 దగ్గర 378 వచ్చిందనుకుందాం. R = 10000 × 378 / 645, అంటే సుమారు 5860 ఓమ్‌లు. దాన్ని 10000తో భాగిస్తే 0.586, దాని నేచురల్ లాగ్ మైనస్ 0.5343. 3950తో భాగిస్తే మైనస్ 0.00013528. ఇటు 1/298.15 అంటే 0.00335402. రెండూ కలిపితే 0.00321874, దాన్ని తలకిందులు చేస్తే 310.68 కెల్విన్, అంటే 37.53 డిగ్రీలు. రీడింగ్ 379 అయితే 37.43 వస్తుంది. అంటే ఈ ప్రాంతంలో ఏడీసీ ఒక్క మెట్టు మారితే డిగ్రీలో పదో వంతు. స్క్రీన్ మీద రెండో దశాంశం చూపించే కోడులు చాలా ఉన్నాయి, ఆ అంకెకి విలువ లేదు.

25 డిగ్రీల దగ్గర దాక్కునే తప్పు

ఇప్పుడు మా వాడి పెట్టె దగ్గరికి వద్దాం. కోడులో B విలువ 3950 అని ఉంది. అతను కొన్న థర్మిస్టర్ మీద ఏమీ రాసిలేదు, అంగట్లో "10కే" అనే చెప్పారు. 10కే థర్మిస్టర్లు ఒకే బీటాతో రావు. 3950 ఎంత మామూలో 3435 కూడా అంతే మామూలు. చూడటానికి తేడా కనపడదు.

పూసలా ఉండే ఆ థర్మిస్టర్‌కి నిజమైన బీటా 3435 అనుకొని లెక్క వేయండి. స్క్రీన్ మీద 37.5 రావాలంటే కోడు 5868 ఓమ్‌లు చూడాలి. 3435 రకం 5868 ఓమ్‌లకి దిగేది 39.5 డిగ్రీల దగ్గర. అంటే స్క్రీన్‌కి 37.5 కనిపించేదాకా బల్బులు వెలుగుతూనే ఉంటాయి, ఈలోగా పెట్టె 39.5కి చేరుతుంది. సీసాలో థర్మామీటర్ చూపించింది అచ్చంగా ఇదే. అంత వేడిలో రోజుల తరబడి ఉంటే గుడ్డులో పిండం నిలవడం చాలా కష్టం.

దీన్ని అతను ముందే ఎందుకు పట్టుకోలేకపోయాడు? పరీక్ష చేయకుండా ఏం లేడు. గోడ మీది థర్మామీటర్ పక్కన పెట్టి చూశాడు, సరిపోయింది. అయితే సూత్రాన్ని మళ్లీ చూడండి. R, R0 సమానమైతే ln విలువ సున్నా, సున్నాని ఏ బీటాతో భాగించినా సున్నానే. అంటే 25 డిగ్రీల దగ్గర బీటా ఎంత తప్పుగా ఉన్నా జవాబు సరిగ్గా వస్తుంది. 30 డిగ్రీల గదిలో ఇదే పూస 29.3 చూపిస్తుంది, గోడ థర్మామీటర్‌తో పోల్చుకునేవాళ్లెవరూ దాన్ని తప్పు అనుకోరు. 25 నుంచి దూరం వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంది. మన ఇళ్లలో గది వేడి ఎక్కువగా 25 నుంచి 32 మధ్య తిరుగుతుంది కాబట్టి గదిలో చేసే పరీక్ష, ఈ తప్పు అతి తక్కువగా కనిపించే చోట చేసే పరీక్ష.

బీటాని కనుక్కోవడం, ఆధారాన్ని జరపడం

డేటాషీట్ ఉంటే అందులో B25/50 అనో B25/85 అనో ఉంటుంది, అంటే ఆ రెండు ఉష్ణోగ్రతల మధ్య కొలిచి తీసిన బీటా అని. డేటాషీట్ లేని పూసకి మనమే కొలుచుకోవచ్చు, రెండు ఉష్ణోగ్రతల దగ్గర ఓమ్‌లు తెలిస్తే చాలు:

`B = ln(R1/R2) / (1/T1 - 1/T2)`

మేం ఫోన్లో మాట్లాడుకుంటూనే చేశాం. థర్మిస్టర్ కాళ్లకి నీళ్లు తగిలితే నీళ్ల గుండా కూడా కరెంటు పోయి రీడింగ్ తగ్గుతుంది, అందుకని ముందు దాన్ని సన్నటి ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టాడు. చితగ్గొట్టిన ఐసులో కొంచెం నీళ్లు పోసి కలుపుతూ ఉంటే అది సున్నా డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అందులో మల్టీమీటర్ 28.7 కిలో ఓమ్‌లు చూపించింది. అప్పుడే నాకు సగం అర్థమైంది, 3950 రకమైతే 33 దగ్గర ఉండాలి. తర్వాత గోరువెచ్చని నీళ్లలో జ్వరం థర్మామీటర్‌ని, పూసని పక్కపక్కనే ముంచి, 40.0 చూపించిన క్షణంలో మీటర్ చూశాడు: 5.76 కిలో ఓమ్‌లు.

28.7ని 5.76తో భాగిస్తే 4.983, దాని ln విలువ 1.606. 1/273.15 నుంచి 1/313.15 తీసేస్తే 0.00046763. భాగిస్తే బీటా 3434.

నిజానికి ఇక్కడ బీటా కన్నా ఎక్కువ ఉపయోగపడిన సంగతి ఇంకొకటి ఉంది. సూత్రంలో T0 అంటే 25 డిగ్రీలే అయి ఉండాలని ఎక్కడా లేదు. అది తయారీదారుల అలవాటు మాత్రమే. మనకి 37.5 దగ్గర ఖచ్చితత్వం కావాలి, 40 దగ్గర మన చేత్తో కొలిచిన విలువ ఉంది. అదే T0, R0 అనుకుంటే సరిపోతుంది. ఎంత లాభమో చూడండి: ఆధారాన్ని 40కి జరిపి, బీటాని మాత్రం తప్పుడు 3950గానే వదిలేసినా, నిజంగా 37.5 ఉన్నప్పుడు 37.8 చూపిస్తుంది. అదే తప్పు బీటాతో 25ని ఆధారం చేసుకుంటే 35.8 చూపించేది. తప్పు 1.7 నుంచి 0.3కి పడిపోయింది. 25ని ఆధారంగా ఉంచినప్పుడు గదిలో అంతా సరిగ్గా కనిపించి పెట్టెలో చెడింది, ఇప్పుడు తప్పేమైనా మిగిలితే గది వేడి దగ్గర మిగులుతుంది, అక్కడ గుడ్లు లేవు.

బీటా చాలా, స్టెయిన్‌హార్ట్-హార్ట్ కావాలా?

బీటా ఒక స్థిరాంకం అనుకోవడం కూడా సరళీకరణే. నిజమైన థర్మిస్టర్‌లో అది ఉష్ణోగ్రతతో కొద్దికొద్దిగా మారుతుంది, అందుకే ఒకే పూసకి B25/50 ఒకటి, B25/85 ఇంకొకటి ఇస్తారు. 1968లో స్టెయిన్‌హార్ట్, హార్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సముద్ర పరిశోధనల పత్రికలో ప్రచురించిన సమీకరణం దీన్ని సరిదిద్దుతుంది:

`1/T = A + B*ln(R) + C*(ln(R))^3`

ఇక్కడి B వేరు, బీటా వేరు. మూడు తెలియని అంకెలు కాబట్టి మూడు ఉష్ణోగ్రతల దగ్గర కొలవాలి. దీన్నే వాడాలనే వాళ్ల వాదనలో బలం ఉంది: సున్నా నుంచి వంద దాకా కొలిచే పనిలో బీటా సూత్రం మధ్యలో సరిపోయినా చివర్లలో తప్పుతుంది, ఇది చాలావరకు నిలుస్తుంది. వందల డిగ్రీలకి వెళ్లే త్రీడీ ప్రింటర్లలో అయితే చాలాచోట్ల సూత్రం బదులు, ఏ రీడింగ్‌కి ఎంత వేడో రాసిపెట్టిన పట్టికనే వాడతారు.

బీటా చాలనే వాళ్ల మాటా నిజమే. మూడు అంకెలు తీయడానికి మూడు మంచి కొలతలు కావాలి, ఇంట్లో నమ్మదగిన మూడో ఉష్ణోగ్రత దొరకడం కష్టం. కొలతల్లోనే అర డిగ్రీ తప్పుంటే సమీకరణం ఎంత గొప్పదైనా ఆ తప్పునే నమ్మకంగా మోస్తుంది. పెట్టె 36, 39 మధ్యే తిరుగుతుంటే, ఆధారం 40 దగ్గర ఉంటే, బీటా చాలని నా అభిప్రాయం. పరిధి పెరిగితే ఆ మాట అనను.

మిగతా తప్పుల్లో ఏది పెద్దది, ఏది కాదు

37.5 దగ్గర ఒక గుర్తు పెట్టుకోవచ్చు: ఓమ్‌లలో ఒక శాతం తప్పు అంటే దాదాపు పావు డిగ్రీ. దీంతో చాలా వాదనలు తేలిపోతాయి.

బంగారు రంగు గీత ఉన్న మామూలు రెసిస్టర్‌కి 5 శాతం అటూ ఇటూ ఉండే స్వేచ్ఛ ఉంది. 10కే అని కోడులో రాసి, నిజంగా 10.5 కిలో ఓమ్‌లది పెడితే 37.5 కాస్తా 38.7 అవుతుంది. ఒక డిగ్రీ పైన తేడా, రూపాయి విలువ చేసే భాగం వల్ల. మల్టీమీటర్‌తో దాన్ని కొలిచి, వచ్చిన అంకెనే కోడులో RS దగ్గర రాస్తే ఇది పోతుంది.

1023తో భాగించాలా, 1024తోనా అని పెద్ద పెద్ద చర్చలు జరుగుతుంటాయి. ఊనోలోని చిప్ డేటాషీట్ సూత్రంలో 1024 ఉంది, వచ్చే గరిష్ఠ రీడింగ్ మాత్రం 1023. ఎవరి వాదన వాళ్లకి ఉంది, కానీ మన రీడింగ్ 378 దగ్గర ఈ రెండింటి మధ్య తేడా డిగ్రీలో ఇరవై అయిదో వంతు. ఏడీసీ ఒక్క మెట్టు కన్నా తక్కువ.

థర్మిస్టర్ గుండా పారే కరెంటు దాన్నే కొంచెం వేడి చేస్తుంది. మన డివైడర్‌లో అది సుమారు 0.6 మిల్లీవాట్. చిన్న పూసలకి కదలని గాలిలో రెండు మిల్లీవాట్లకి ఒక డిగ్రీ పెరుగుతుందని డేటాషీట్లు చెబుతాయి, అంటే 0.3 డిగ్రీ. ఫ్యాను గాలిలో ఇంకా తక్కువ. డివైడర్‌కి 5 వోల్టుల పిన్ బదులు ఒక డిజిటల్ పిన్ నుంచి కరెంటు ఇచ్చి, చదివే క్షణంలోనే ఆన్ చేస్తే ఇదీ ఉండదు.

ఊనో బదులు ఈఎస్‌పీ32 వాడేవాళ్ల సంగతి వేరు. దాని ఏడీసీ ఆధారం లోపలిది, 3.3 వోల్టుల సరఫరా కాదు, అందుకని నేను పైన చెప్పిన కొట్టుకుపోవడం అక్కడ జరగదు. పైగా రీడింగ్ రెండు చివర్లలో వంగుతుంది. అక్కడ `analogReadMilliVolts()` తో మిల్లీవోల్టులు తీసి, సరఫరా వోల్టేజీని మీటర్‌తో కొలిచి లెక్క కట్టడం మేలు.

వైరు ఊడితే సూత్రం ఏం చెబుతుంది

చివరిగా ఇది చెప్పకపోతే నాకు మనసు ఒప్పదు. థర్మిస్టర్ వైరు ఊడిపోతే A0 దగ్గర 1023 వస్తుంది, రెసిస్టెన్స్ అనంతం అవుతుంది, సూత్రం మైనస్ 273.15 ఇస్తుంది. ఒక మెట్టు తక్కువగా 1022 వస్తే సుమారు మైనస్ 77. రెండు కాళ్లూ కలిసిపోయి రీడింగ్ సున్నా అయినా మళ్లీ మైనస్ 273.15 వస్తుంది. ఏ పక్క చెడినా కోడుకి అర్థమయ్యేది ఒక్కటే, "పెట్టె చల్లబడిపోయింది" అని. బల్బులు ఆరవు. థర్మకోల్ పెట్టెలో అది గుడ్లతో పోయే ప్రమాదం కాదు. అందుకే మా వాడి కోడులో ఆ తనిఖీ ముందు వస్తుంది:

```cpp
const float RS = 10000.0; // మీటర్‌తో కొలిచిన విలువ
const float R0 = 5760.0;  // 40 డిగ్రీల దగ్గర
const float T0 = 313.15;
const float B  = 3434.0;

float readC() {
  float a = analogRead(A0);
  if (a < 20 || a > 1000) return 999.0; // తప్పు: బల్బులు ఆపాలి
  float r = RS * a / (1023.0 - a);
  float k = 1.0 / (1.0 / T0 + log(r / R0) / B);
  return k - 273.15;
}
```

999 అని ఇవ్వడం కావాలనే. అది పెట్టె మండిపోతోందన్నట్టు కనిపిస్తుంది, రిలే ఆగిపోతుంది. `RS`, `a` లని `float` గా ఉంచడం కూడా కావాలనే, ఊనోలో మామూలు `int` 32767 దాటదు, 10000ని 378తో పూర్ణాంకాలుగా గుణిస్తే అక్కడే చెడుతుంది.

ఈ కోడు ఎక్కించాక స్క్రీన్ మీద మళ్లీ అదే 37.5 నిలబడింది. A0 దగ్గర అంకె మాత్రం 378 కాదు, 395. సీసాలోని నీళ్లలో థర్మామీటర్ 37.4 చూపించింది. మర్నాడు పొద్దున కొత్త గుడ్లు పెట్టాడు.